ఫారం 6 స్క్రీన్‌షాట్లు: ఏది టిక్ అయింది, ఏది ఖాళీగా ఉంది? ఒకసారి చూసి చెప్పండి

వేణు_సిద్దిపేట

అందరికీ నమస్కారం. మా చెల్లెలికి ఈమధ్యే పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఓటరుగా పేరు నమోదు చేయించుకోవడానికి ఫారం 6 తన ఫోన్‌లోనే నింపింది. నేను పూణెలో ఉంటాను. సబ్మిట్ నొక్కే ముందు ఒకసారి చూడమని నాలుగు స్క్రీన్‌షాట్లు తీసి వాట్సాప్‌లో పంపింది. వాటినే కింద పెడుతున్నాను. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు ఉన్న చోట్ల నల్లగా గీసేశాను.

నాకు కావలసింది ఒక్కటే. ఏ రేడియో బటన్ ఎంచుకుంది, ఏ చెక్‌బాక్స్‌లో టిక్ ఉంది, ఏ గడి ఖాళీగా వదిలేసింది, ఇవి తప్పు లేకుండా జాబితా రాయాలి. రెండేళ్ళ క్రితం మా పెద్దమ్మ కొడుకు ఒక నెట్ సెంటర్‌లో ఏదో ఫారం నింపించుకున్నాడు. పైన ఒక రేడియో బటన్ వేరేది పడింది, ఎవరూ గమనించలేదు. దాన్ని సరిచేయించుకోవడానికి నాలుగు నెలలు తిరిగాడు. ఆ టెన్షన్ చెల్లెలికి వద్దు.

నేను చూసి రాసుకున్నది ఇది:

మొదటి బొమ్మ: పేరు ఉంది, ఇంటిపేరు లేదు. బంధుత్వం దగ్గర "తండ్రి" ఎంచుకుంది. నాన్న పేరు ఉంది.
రెండో బొమ్మ: మొబైల్ దగ్గర "సొంతం" ఎంచుకుంది. ఈమెయిల్ ఉంది. ఆధార్ నంబరు ఉంది. "స్త్రీ" ఎంచుకుంది.
మూడో బొమ్మ: పుట్టిన తేదీ ఉంది. రాష్ట్రం బూడిద రంగులో ఉంది కాబట్టి ఖాళీ. ఊరు ఉంది.
నాలుగో బొమ్మ: వైకల్యం గడులు ఖాళీ. డిక్లరేషన్ టిక్ చేసింది.

సరిగ్గానే చూశానా?

సత్తిబాబు_తణుకు

వేణు గారూ, వయసు రుజువుకి పదో తరగతి సర్టిఫికెట్ పెట్టించండి. మా అబ్బాయికి అదే పెట్టాం, ఏ ఇబ్బందీ రాలేదు. ఇంకో మాట. అమ్మాయి హాస్టల్‌లో ఉండి చదువుతోందా, ఇంట్లో ఉందా? హాస్టల్లో ఉంటే ఆ చిరునామాతో అయినా పెట్టుకోవచ్చు, సొంత ఊరి చిరునామాతో అయినా పెట్టుకోవచ్చు. ముందు అది తేల్చుకుంటే మంచిది. అయినా ఏదైనా వదిలేస్తే సబ్మిట్ నొక్కగానే సైటే ఎర్రగా చూపిస్తుంది కదా. ఇన్ని స్క్రీన్‌షాట్లు చూడటం ఎందుకు?

వేణు_సిద్దిపేట

సత్తిబాబు గారూ, థ్యాంక్సండీ. ఏ కాగితాలు పెట్టాలన్నది మాకు తెలుసు. చిరునామా మా ఇంటిదే ఇస్తున్నాం. నా ప్రశ్న బొమ్మలో ఉన్నది సరిగ్గా చదవడం గురించే.

రాజేష్_వెబ్

ఇది సులువే అండీ. నీలం రంగులో ఉంటే ఎంచుకున్నట్టు, బూడిద రంగులో ఉంటే ఎంచుకోనట్టు. మీ బొమ్మల్లో "తండ్రి", "స్త్రీ" నీలం. అవి సెలెక్ట్ అయ్యాయి. రాష్ట్రం బూడిద. అది ఖాళీ. మీ జాబితా సరిగ్గానే ఉంది.

ప్రసన్న_టెస్టింగ్

రాజేష్ గారూ, సగం వరకు ఒప్పుకుంటాను. పదకొండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, అందులో నాలుగేళ్ళు ఫారాలే చూశాను. రంగును నమ్ముకుంటే ఈ నాలుగు బొమ్మల్లోనే మూడు చోట్ల దెబ్బతింటాం. వేణు గారి జాబితాలో అవే తప్పాయి.

రంగు కంటే ముందు ఆకారం చూడాలి. గుండ్రంగా ఉంటే రేడియో. లోపల చుక్క ఉందా లేదా అన్నదే సాక్ష్యం. చతురస్రంగా ఉంటే చెక్‌బాక్స్. లోపల టిక్ గుర్తు ఉందా లేదా అన్నదే సాక్ష్యం. చుట్టూ ఉన్న గీత ఎంత లావుగా ఉన్నా, ఏ రంగులో ఉన్నా అది సాక్ష్యం కాదు.

రెండో బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేసి "సొంతం" పక్కన ఉన్న వృత్తం చూడండి. చుట్టూ లావుపాటి ముదురు గీత ఉంది. లోపల చుక్క లేదు, తెల్లగా ఉంది. ఇప్పుడు కింద "స్త్రీ" పక్కన ఉన్న వృత్తం చూడండి. దాని నడుమ నిండు నీలం చుక్క ఉంది. రెండూ ఒకటి కావు. "సొంతం" చుట్టూ ఉన్నది ఫోకస్ గీత. అంటే బ్రౌజర్ ప్రస్తుతం ఆ బటన్ మీద నిలబడి ఉందని చెప్పే గుర్తు, అంతే. కీబోర్డులో "నెక్స్ట్" నొక్కుతూ వచ్చినా, ఏదైనా తప్పు చూపించి సైటే అక్కడికి తీసుకెళ్ళినా ఇలా గీత పడుతుంది, ఎంపిక మాత్రం జరగదు. కాబట్టి మొబైల్ దగ్గర "సొంతం" ఎంచుకోలేదు. పక్కన ఉన్న "పైన చెప్పిన బంధువుది" కూడా ఎంచుకోలేదు. ఆ వరుసలో రెండూ ఖాళీయే.

"రేడియో అంటే ఏదో ఒకటి ఎంచుకునే ఉండాలిగా" అని చాలామంది అనుకుంటారు. ఒకసారి ఒకదాన్ని నొక్కాక మామూలుగా వెనక్కి తీయలేం, ఇంకోదానికి మార్చగలం, అది నిజమే. కానీ పేజీ తెరిచినప్పుడు ఏదీ ఎంచుకోకుండా ఉండొచ్చు. ముట్టుకోకపోతే చివరిదాకా అలాగే ఉంటుంది.

రెండోది పుట్టిన తేదీ. మీరు "ఉంది" అన్నారు. పెద్దది చేసి చదవండి. అక్కడ ఉన్నది `DD/MM/YYYY`, అదీ లేత రంగులో. గడి ఖాళీగా ఉన్నప్పుడు ఏం రాయాలో సూచిస్తూ చూపించే అక్షరాలు అవి. ఒక్క అంకె టైప్ చేసినా మాయమైపోతాయి. అవి కనిపిస్తున్నాయంటే గడి ఖాళీ. ఈమెయిల్ దగ్గరా ఇదే కథ. `Email` అన్న లేత అక్షరాలు తప్ప అక్కడ చిరునామా లేదు. మొదటి బొమ్మలో ఉన్న నాన్నగారి పేరు ఎంత నల్లగా ఉందో పోల్చి చూడండి, తేడా తెలిసిపోతుంది.

మూడోది రాష్ట్రం. ఇది దానికి తలకిందులు. బూడిద రంగు చూసి ఖాళీ అన్నారు. కానీ లోపల `Telangana` అని నిజమైన విలువే ఉంది. బూడిద అయింది అక్షరాలు మాత్రమే కాదు, గడి మొత్తం. అంటే మనం మార్చకుండా దానికి సైటు తాళం వేసింది. పైన ఎక్కడో రాష్ట్రం ఎంచుకున్నాక ఇక్కడ అదే వచ్చి కూర్చుంది. నిండి ఉన్న గడి అది.

మిగతావి రాత్రికి చూసి రాస్తాను. ఆఫీసులో ఉన్నాను.

వేణు_సిద్దిపేట

మేడమ్, పెద్దది చేసి చూశాను. నిజంగానే చుక్క లేదు! గీత చూసి నింపేసింది అనుకున్నాను. పుట్టిన తేదీ విషయంలో మాత్రం చెల్లెలు "నేను ఇచ్చాను అన్నయ్యా" అంటోంది. కనుక్కుంటాను.

మస్తాన్_నెట్

అన్నా, మాది గుంటూరు దగ్గర చిన్న నెట్ సెంటర్. రోజూ ఇదే పని. మీరు కంప్యూటర్ ఫారం గురించి చెబుతున్నారు, నాకు కాగితం ఫారాలతో వచ్చే తలనొప్పి ఇంకా పెద్దది. ఫోటో తీసి పంపిస్తారు, చూసి ఎక్కించమంటారు. ఒకాయన బ్యాంకు ఫారంలో "సింగిల్" గడిలో టిక్ పెట్టాడు. ఆ టిక్ తోక పొడుగ్గా లాగితే పక్కన ఉన్న "జాయింట్" గడి సగం దాకా వెళ్ళింది. రెండూ టిక్ చేశాడా, ఒకటేనా? ఇంకొకామె తప్పు గడిలో టిక్ పెట్టి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, సరైన గడిలో మళ్ళీ పెట్టింది. గీత కొట్టింది చూడకపోతే రెండూ టిక్ చేసినట్టే ఉంటుంది.

నేను పాటించేది ఒకటే. టిక్ కింది మొన ఎక్కడ మొదలైందో అదే గడి. తోక ఎటు పోయినా లెక్క లేదు. కొట్టివేత ఉంటే ఆ మనిషికి ఫోన్ చేసి అడగాల్సిందే, మనంతట మనం తేల్చకూడదు.

కిరణ్మయి_కె

మస్తాన్ అన్న చెప్పిన చివరి మాట నాకు బాగా నచ్చింది. నాకు చూపు లేదు. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడతాను. పేజీ తెరిచి ఉంటే నాకు ఈ గందరగోళం లేదు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని `R` నొక్కితే ఒక్కో రేడియో బటన్‌కీ, `X` నొక్కితే ఒక్కో చెక్‌బాక్స్‌కీ, `E` నొక్కితే ఒక్కో రాసే గడికీ వెళుతుంది. రేడియో మీదకి వెళ్ళగానే దాని పేరు చదివి `checked` అనో `not checked` అనో చెబుతుంది. ఖాళీ గడి మీదకి వెళితే `blank` అంటుంది. ఫోకస్ గీతకీ చుక్కకీ మధ్య గొడవే ఉండదు.

కానీ ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపితే అది నాకు మూగ బొమ్మ. ఇంట్లో వాళ్ళని చదవమంటాను. వాళ్ళు చదివే పద్ధతి వల్ల ఎన్నిసార్లు ఇబ్బంది పడ్డానో చెప్పలేను. "అన్నీ నింపేశావులే" అంటారు. లేదా టిక్ ఉన్నవి మాత్రమే చదువుతారు. నాకు టిక్ లేనివాటి పేర్లు కూడా కావాలి. బంధుత్వం దగ్గర "తండ్రి" ఎంచుకుంది అని ఊరుకుంటే, అక్కడ ఇంకా ఏమేం ఉన్నాయో నాకు తెలియదు. "తండ్రి, తల్లి, భర్త, భార్య ఉన్నాయి, వాటిలో తండ్రి ఎంచుకుంది" అంటే అప్పుడు తెలుస్తుంది. చదివేవాళ్ళు దయచేసి ప్రశ్న పేరు ముందు చెప్పి, ఎంపికలు అన్నీ చెప్పి, తర్వాత ఏది పడిందో చెప్పండి. కనిపించకపోతే కనిపించలేదు అనండి. ఊహించి చెప్పకండి.

రాజేష్_వెబ్

ప్రసన్న గారూ, ఫోకస్ సంగతి నేను మర్చిపోయాను, మీరు చెప్పింది సరే. కిరణ్మయి గారు చెప్పినట్టు పేజీ తెరిచి ఉంటే బొమ్మతో పనే లేదు. కంప్యూటర్‌లో క్రోమ్‌లో `F12` నొక్కి, కన్సోల్‌లో ఇది వేస్తే అన్నీ వరసగా వస్తాయి:

```js
document.querySelectorAll('input[type=radio],input[type=checkbox]')
  .forEach(e => console.log(e.type, e.name, e.value, e.checked));
```

చివర `true` వస్తే ఎంచుకున్నట్టు, `false` వస్తే లేనట్టు.

ప్రసన్న_టెస్టింగ్

మంచిదే, నేనూ వాడతాను. కానీ రెండు జాగ్రత్తలు. సైటువాళ్ళు అందం కోసం మామూలు చెక్‌బాక్స్ మానేసి, ఉత్త డబ్బా గీసి దానికి టిక్ బొమ్మ అంటించి ఉంటే ఈ కోడ్‌కి అది దొరకదు. జాబితాలో రాకపోతే "లేదు" అని కాదు, "దీనికి కనిపించలేదు" అని అర్థం. ఇంకొకటి, ఎవరో రాసిన కోడ్‌ని అర్థం కాకుండా కన్సోల్‌లో వేయకండి. ఆధార్ వివరాలు తెరిచి ఉన్న పేజీలో అసలే వద్దు. రాజేష్ గారి కోడ్ చదివి మాత్రమే చూపిస్తుంది, ఎక్కడికీ పంపదు. కానీ చదివి ఆ మాట చెప్పగలిగినవాళ్ళే వాడాలి.

అయినా వేణు గారి చెల్లెలు ఫోన్‌లో నింపింది కాబట్టి ఇది ఆమెకి పనికిరాదు.

కిరణ్మయి_కె

అలా డబ్బా గీసిన చెక్‌బాక్స్‌లు నాకూ దొరకవు మేడమ్. స్క్రీన్ రీడర్ వాటిని మామూలు రాతలాగే చదివేసి పోతుంది. అక్కడ ఒక గడి ఉందని, దాన్ని టిక్ చేయాలని కూడా తెలియదు.

ప్రసన్న_టెస్టింగ్

మాట ఇచ్చినట్టు మిగతా బొమ్మలు. వేణు గారూ, ఓపికగా చదవండి.

రెండో బొమ్మలో ఆధార్ దగ్గర రెండు రేడియోలు ఉన్నాయి. ఒకటి నంబరు ఇస్తాను అనేది, ఇంకొకటి నాకు ఆధార్ నంబరు లేదు కాబట్టి ఇవ్వలేను అనేది. మొదటిదాంట్లో చుక్క ఉంది. అంటే కింద నంబరు ఉండి తీరాలి. ఉందా? చెప్పలేను. ఎందుకంటే ఆ గడి మీద మీరు నల్లగా గీసేశారు. నలుపు కింద పన్నెండు అంకెలు ఉన్నాయో, ఏడే ఉన్నాయో, ఏమీ లేదో బొమ్మ చెప్పదు. మీరు "ఆధార్ నంబరు ఉంది" అని రాశారు. గీయకముందు బొమ్మ మీరు చూశారు కాబట్టి మీరు రాయొచ్చు. నేను మాత్రం "కప్పేశారు, తెలియదు" అనే రాస్తాను. ఇకముందు మొదటి ఎనిమిది అంకెలు మూసి చివరి నాలుగు వదిలేయండి. దాపరికమూ ఉంటుంది, నిండిందనీ తెలుస్తుంది. ఫోన్‌లో ఉండే హైలైటర్ పెన్నుతో మాత్రం మూయకండి. అది పలచన. ఎన్నిసార్లు గీసి నల్లగా చేసినా, వెలుతురు పెంచితే కింద అంకెలు బయటపడొచ్చు. నిండు రంగు డబ్బా పెట్టండి.

ఇక్కడే ఇంకో మాట. ఖాళీ గడి ఎప్పుడూ వదిలేసిన గడి కాదు. ఒకవేళ ఆధార్ లేదు అనే రేడియో ఎంచుకుని ఉంటే, నంబరు గడి ఖాళీగా ఉండటమే సరి. అలాగే నాలుగో బొమ్మలో వైకల్యం భాగం. అది ఇష్టమైతేనే నింపేది. ఏ గడిలోనూ టిక్ లేదు, శాతం గడి ఖాళీ. ఒకదానికొకటి సరిపోయాయి. అదే ఒక గడిలో టిక్ ఉండి శాతం ఖాళీగా ఉంటే అప్పుడు అది వదిలేసినట్టు. కాబట్టి ఖాళీ అని రాసేటప్పుడు, దాన్ని శాసించే రేడియోలో ఏం పడిందో పక్కనే రాయాలి.

మూడో బొమ్మ. వయసు రుజువు దగ్గర డ్రాప్‌డౌన్‌లో పత్రం పేరు ఎంచుకుంది. కానీ దాని కింద `No file chosen` అని ఉంది. పత్రం పేరు చెప్పింది, పత్రం పెట్టలేదు. సత్తిబాబు గారు చెప్పిన సర్టిఫికెట్ ఇక్కడికే రావాలి.

ఇక బొమ్మల మధ్య ఖాళీ. మూడో బొమ్మ ఊరి పేరు వరుసతో ముగిసింది. నాలుగో బొమ్మ వైకల్యం భాగంతో మొదలైంది. మధ్యలో పిన్‌కోడ్, జిల్లా, చిరునామా రుజువు ఉండాలి. అవి ఏ బొమ్మలోనూ లేవు. నింపి ఉండొచ్చు, నింపకపోయి ఉండొచ్చు. ఫారం సంగతి తెలిసినవాళ్ళకే ఇవి లేవని తట్టుతుంది. తెలియనివాళ్ళు కనిపించినవన్నీ రాసి పూర్తయింది అనుకుంటారు. అందుకే స్క్రీన్‌షాట్లు తీసేటప్పుడు ముందు బొమ్మలోని చివరి రెండు వరుసలు తర్వాతి బొమ్మలో మళ్ళీ కనిపించాలి.

చివరిది, డిక్లరేషన్. మీరు "టిక్ చేసింది" అన్నారు. బొమ్మ అక్కడే తెగిపోయింది. గడి పైఅంచు ఒక్కటే కనిపిస్తోంది, టిక్ ఉండే చోటు బొమ్మలో లేదు. దాని పైన "ఈ చిరునామాలో ఎప్పటి నుంచి ఉంటున్నారు" అన్నచోట సంవత్సరం ఉంది, నెల లేదు.

సత్తిబాబు_తణుకు

అమ్మా ప్రసన్నా, ఇప్పుడు అర్థమైంది. సైటు ఎర్రగా చూపిస్తుందిలే అన్నాను గానీ, అది తప్పనిసరి గడులకే కదా చూపించేది.

ప్రసన్న_టెస్టింగ్

అవును బాబాయ్. తప్పనిసరి గడి ఖాళీగా ఉంటే పట్టుకుంటుంది. తప్పు రేడియో పడితే పట్టుకోలేదు. బంధుత్వం "తండ్రి" అని పెట్టి అమ్మ పేరు రాస్తే సైటుకి ఏం తెలుస్తుంది? రెండూ నిండి ఉన్నాయి కదా. అది మనిషే చూడాలి.

మస్తాన్_నెట్

ఒక సందేహం మేడమ్. కొన్ని ఫారాల్లో ముందే టిక్ పెట్టి ఇస్తారు. మెసేజ్‌లు పంపించడానికి ఒప్పుకుంటున్నాను అని కింద ఉంటుంది చూడండి, అది. కస్టమర్ దాన్ని ముట్టుకోనే లేదు. దాన్ని "ఎంచుకున్నారు" అని రాయాలా? నేనైతే రాయను. ఆయన ఎంచుకోలేదు కదా.

ప్రసన్న_టెస్టింగ్

నేను రాస్తాను. బొమ్మలో టిక్ ఉంది, సబ్మిట్ నొక్కితే అది వెళ్ళిపోతుంది. ఎవరు పెట్టారన్నది బొమ్మ చెప్పదు.

మస్తాన్_నెట్

వెళ్ళిపోతుంది నిజమే. కానీ నా జాబితా చూసి కస్టమర్ సంతకం పెడతాడు. "మీరు ఎంచుకున్నవి" అని నేను రాస్తే, తనే ఎంచుకున్నానేమో అనుకుని ఒప్పేసుకుంటాడు. పెద్దవాళ్ళు మరీను. "ముందే టిక్ ఉంది" అని వేరేగా రాస్తేనే "అదేంటి, తీసేయ్" అంటారు.

కిరణ్మయి_కె

నేను మస్తాన్ అన్న వైపు. నా ఫారం ఇంకొకరు చదువుతున్నప్పుడు ఆ తేడా నాకు తెలియాలి.

ప్రసన్న_టెస్టింగ్

బొమ్మ ఒక్కటే చేతికిస్తే ముందే ఉన్నదో, మనిషి పెట్టిందో ఎలా తెలుస్తుంది కిరణ్మయి గారూ? ముట్టుకోని ఖాళీ ఫారం పక్కన ఉంటే పోల్చి చెప్పొచ్చు. లేకపోతే "టిక్ ఉంది" అన్న మాటే నిజం. "ఎంచుకున్నారు" అన్న మాట కూడా నేను వాడను, మస్తాన్ గారు అన్నది ఆ మేరకు ఒప్పుకుంటాను.

మస్తాన్_నెట్

నా దగ్గర ఖాళీ ఫారం ఎప్పుడూ ఉంటుంది మేడమ్. అందుకే చెప్పగలుగుతున్నాను.

రాజేష్_వెబ్

ఇంకోటి అడుగుతాను. మా ఆఫీసు వాళ్ళు ఒక స్క్రీన్‌షాట్ పంపారు. ఒక చెక్‌బాక్స్‌లో టిక్ కాకుండా అడ్డంగా చిన్న గీత ఉంది. దాన్ని ఎటు రాయాలి?

ప్రసన్న_టెస్టింగ్

దాని కింద చిన్న చెక్‌బాక్స్‌లు ఉన్నాయేమో చూడండి. సాధారణంగా "అన్నీ" అనే గడిలో అలా వస్తుంది. కింద కొన్ని టిక్ అయి, కొన్ని కాకపోతే పైన గీత పడుతుంది. "కొన్ని మాత్రమే" అని రాసి, కిందవి విడివిడిగా రాయండి. ఆ పై గీతను టిక్‌గానూ రాయకూడదు, ఖాళీగానూ రాయకూడదు.

వేణు_సిద్దిపేట

అందరికీ నిజంగా రుణపడి ఉంటాను. నిన్న రాత్రి చెల్లెలితో గంటసేపు మాట్లాడాను. మొదట ఒకే పొడుగు స్క్రీన్‌షాట్ తీసి పంపింది. వాట్సాప్‌లో వచ్చేసరికి సన్నగా దారంలా అయిపోయింది. పెద్దది చేస్తే గడులన్నీ మసక. టిక్ ఉందో, మరకో తెలియలేదు.

ప్రసన్న_టెస్టింగ్

పొడుగు బొమ్మలకి అలాగే అవుతుంది. బ్రౌజర్‌లో మామూలు చెక్‌బాక్స్ 13 పిక్సెళ్ళ వెడల్పు. మంచి ఫోన్‌లో దాన్ని మూడు రెట్లు చేసి చూపిస్తే దాదాపు 39. ఆ బొమ్మను వాట్సాప్ అయిదో వంతుకి కుదిస్తే గడి మొత్తం 8 పిక్సెళ్ళే. అందులో టిక్ గీత దాదాపు ఒక పిక్సెల్ మందమే మిగులుతుంది. అలాంటి బొమ్మ వస్తే చదవడానికి ప్రయత్నించవద్దు, మళ్ళీ అడగండి. ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. కుదించకుండా ఉన్నదున్నట్టు వస్తుంది.

వేణు_సిద్దిపేట

అదే చేశాం మేడమ్. డాక్యుమెంట్‌గా ఆరు బొమ్మలు, రెండేసి వరుసలు కలిసేలా తీసి పంపింది. పుట్టిన తేదీ సంగతి కూడా తేలింది. క్యాలెండర్ తెరిచి తేదీ మీద వేలు పెట్టింది గానీ, ఓకే నొక్కకుండా పక్కన నొక్కి మూసేసింది. తను ఇచ్చాను అనుకుంది. అందుకే అంత గట్టిగా చెప్పింది.

కిరణ్మయి గారు చెప్పినట్టు ప్రశ్న, ఎంపికలు, పడినది అన్న వరసలో మళ్ళీ రాశాను. దిద్దాక ఇప్పుడు ఉన్నది ఇది:

బంధుత్వం (తండ్రి, తల్లి, భర్త, భార్య, ఇంకా కింద కొన్ని): తండ్రిలో చుక్క ఉంది. కింద నాన్న పేరే ఉంది.
మొబైల్ (సొంతం, బంధువుది): సొంతంలో చుక్క ఉంది. నంబరు చివరి నాలుగు అంకెలు కనిపిస్తున్నాయి.
ఈమెయిల్: ఖాళీ. తనకి మెయిల్ లేదు, వదిలేశాం.
ఆధార్ (ఇస్తాను, లేదు): ఇస్తానులో చుక్క ఉంది. చివరి నాలుగు అంకెలు కనిపిస్తున్నాయి.
లింగం (పురుషుడు, స్త్రీ, థర్డ్ జెండర్): స్త్రీలో చుక్క ఉంది.
పుట్టిన తేదీ: నిండింది, అంకెలు నల్లగా ఉన్నాయి. రుజువు ఫైలు పేరు కనిపిస్తోంది.
రాష్ట్రం: నిండింది, తాళం వేసి ఉంది. పిన్‌కోడ్, జిల్లా నిండాయి. చిరునామా రుజువు ఫైలు ఉంది.
వైకల్యం: ఏ గడిలోనూ టిక్ లేదు, శాతం ఖాళీ.
ఉంటున్న నెల, సంవత్సరం: రెండూ నిండాయి.
డిక్లరేషన్: గడి పూర్తిగా కనిపిస్తోంది, టిక్ లేదు. అన్నీ చూశాక చివర్లో పెట్టమన్నాను.
ఇంటిపేరు: ఇంగ్లిష్ గడి, తెలుగు గడి రెండూ ఖాళీ.

ఈ ఇంటిపేరు ఒక్కటే మిగిలింది. ఆధార్‌లో తన పేరు ఇంటిపేరుతో కలిపి ఒకే వరుసలో ఉంది. ఇక్కడ మొత్తం "పేరు" గడిలోనే రాసేసింది. కాబట్టి ఇంటిపేరు గడిని ఖాళీ అని రాయాలా, పైగడిలో ఉంది అని రాయాలా?

ప్రసన్న_టెస్టింగ్

జాబితాలో "ఖాళీ" అనే రాయండి, పక్కన "ఇంటిపేరు పై గడిలోనే ఉంది" అని చేర్చండి. విడదీసి రాయాలా, అలాగే ఉంచాలా అన్నది బొమ్మ చూసి నేను చెప్పగలిగేది కాదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఏ వరసలో ఉందో చూశారా?

వేణు_సిద్దిపేట

అందులో ఇంటిపేరు ముందు ఉంది మేడమ్, ఆధార్‌లో చివర ఉంది.

సత్తిబాబు_తణుకు

మా అబ్బాయిదీ అలాగే ఉండేది. మేము ఓటర్ల జాబితా పని చూసే బీఎల్‌ఓ గారిని అడిగి రాశాం. మీ ఊరి ఆయన నంబరు ఉంటే ఒక ఫోన్ కొట్టి కనుక్కోండి, సబ్మిట్ నొక్కకముందే.

వేణు_సిద్దిపేట

రేపు పొద్దున నాన్న వెళ్ళి అడుగుతానన్నారు. అప్పటిదాకా పేజీ మూయవద్దని చెల్లెలికి చెప్పాను.

మస్తాన్_నెట్

పేజీ తెరిచి ఉంచినా రాత్రంతా అయ్యేసరికి లాగౌట్ అయిపోవచ్చు అన్నా. రేపు మళ్ళీ తెరిచాక అన్నీ ఉన్నాయో లేదో మళ్ళీ మొదటినుంచి స్క్రీన్‌షాట్లు తీయించండి, ఈ రోజు జాబితాని నమ్ముకుని సబ్మిట్ కొట్టకండి.